రిఫరెన్స్ ఇచ్చారు, ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఆవిడకి ఏమని రాయాలి?

నీలికలువ: నా పాత మేనేజర్ మేడమ్ నాకు రిఫరెన్స్ ఇచ్చారు. అవతలివాళ్లు ఫోన్ చేస్తే దాదాపు అరగంట మాట్లాడారట. ఆ రోజే ‘మాట్లాడానమ్మా, బాగానే జరిగింది’ అని మెసేజ్ పెట్టారు. నేను ‘థాంక్యూ మేడమ్’ అన్నాను, అంతే. పది రోజులకి వేరేవాళ్లని తీసుకున్నామని నాకు మెయిల్ వచ్చింది. అది జరిగి మూడు వారాలు. ముఖం చెల్లక ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఇంకోచోట ఆఖరి రౌండ్‌కి వచ్చాను, మళ్లీ ఆవిడ పేరే ఇవ్వాలి.

మర్రినీడ: రాని ఉద్యోగం గురించి చెప్పడమెందుకండీ? ఆవిడకి మాత్రం తీరికెక్కడిది? ఈసారి వచ్చాక మంచి కానుకతో కలిసి చెప్పండి.

పాతకలం: ఆవిడకి తీరిక ఉండదన్నది నిజమే, అందుకే నాలుగైదు వాక్యాలు మించొద్దు. కానీ చెప్పకుండా ఉండకండి. నేను చాలా ఏళ్లుగా నా దగ్గర పనిచేసినవాళ్లకి రిఫరెన్సులు ఇస్తున్నాను. ఫోన్ పెట్టేశాక ఉలుకూ పలుకూ లేకపోతే మా మనసు ఒకచోటికే పోతుంది: ‘నేనన్న మాటేదైనా బెడిసికొట్టిందా?’ ఒక అమ్మాయి విషయంలో నెలన్నర అలాగే అనుకున్నాను. తీరా చూస్తే ఆ పోస్టునే రద్దు చేశారట. ఆ ఒక్క ముక్క ముందే తెలిస్తే నాకు ఆ బెంగ ఉండేది కాదు.

అసలు రెండుసార్లు రాయాలి. ఫోన్ అయిందని తెలిసిన ఒకటి రెండు రోజుల్లో ఒకసారి, ఫలితం తేలాక ఇంకోసారి. ఉద్యోగం వస్తే మాత్రం నోటిమాట మీద చెప్పేయకండి, ఆఫర్ కాగితం చేతికొచ్చాక చెప్పండి.

గడ్డిపరక: నాదీ ఇలాంటిదే. పైచదువుకి మా సర్ సిఫారసు లేఖ రాశారు, సీటు రాలేదు. థాంక్స్ చెబుతూ ఆ లేఖ ఒకసారి చూపించమని అడగొచ్చా? తేడా ఎక్కడొచ్చిందో తెలుస్తుంది కదా.

పాతకలం: వద్దు. దరఖాస్తులో ‘లేఖ చూసే హక్కు వదులుకుంటున్నాను’ అనేచోట మీరు టిక్ పెట్టి ఉంటే, ఇప్పుడు అడగడం మాట తప్పినట్టే. పెట్టకపోయినా, కృతజ్ఞత చెప్పే ఉత్తరంలో అడిగితే సర్‌ని అనుమానిస్తున్నట్టు ఉంటుంది. మర్రినీడ గారూ, కానుక మాట కూడా చెబుతాను. ఫలితం తేలకముందు ఇస్తే లేఖకి వెల కట్టినట్టు కనబడుతుంది.

నీలికలువ: ఇలా రాశాను, చూడండి:

‘మేడమ్, ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించండి. మీరు అంత బాగా చెప్పినా ఆ ఉద్యోగం నాకు రాలేదు. నా దురదృష్టం. మీ సహాయం ఎప్పటికీ మరిచిపోను. మరోచోట కూడా మీ పేరు ఇవ్వవచ్చా?’

పాతకలం: ‘అంత బాగా చెప్పినా’ తీసేయండి. ఆవిడ ఏం చెప్పారో మీకు తెలియదు, పైగా చదివినావిడకి తన మాట పనిచేయలేదని అనిపిస్తుంది. ‘దురదృష్టం’ కూడా వద్దు, ఆవిడ మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆవిడ చేసిన పని ఏమిటో పేరు పెట్టి చెప్పండి:

‘మేడమ్, ఆ పోస్టుకి వేరేవాళ్లని తీసుకున్నారు. మూడు వారాల కిందటే తెలిసింది, వెంటనే చెప్పనందుకు క్షమించండి. నాకోసం అరగంట కేటాయించి వాళ్లతో మాట్లాడారు, అది నాకు చాలా పెద్ద సాయం. ఆఖరి వరకు పిలిచిన ముగ్గురిలో నేనూ ఉన్నాను.’

ఆఖరి వాక్యం నిజమైతేనే ఉంచండి. కొత్త కోరిక ఇందులో కలపకండి, రెండు రోజులాగి విడిగా అడగండి.

మర్రినీడ: ఇక్కడ మాత్రం ఒప్పుకోను. రెండు రోజులాగి అడిగితే ‘ఓహో, అందుకా ఆ థాంక్స్’ అనుకోరా? ఒకేసారి అడిగేయడమే నిజాయితీ.

పాతకలం: అలా అనుకునేవాళ్లూ ఉంటారు, కాదనను. నాకైతే విడిగా వస్తేనే బాగుంటుంది.

గడ్డిపరక: ఆఫీసు మెయిల్‌కి పంపుతున్నారా? మేడమ్ ఇంకా మీ పాత కంపెనీలోనే ఉంటే సొంత మెయిల్‌కి పంపండి.

నీలికలువ: సొంత మెయిల్‌కే పంపాను. ఆఖరి ముగ్గురిలో ఉన్నానో లేదో తెలియదు కాబట్టి ఆ వాక్యం తీసేశాను. కొత్తచోట రేపే పేర్లు ఇవ్వాలి, రెండు రోజులు ఆగే వీల్లేక చివర్లో ఒక్క లైనులో అడిగేశాను. గంటలో జవాబు వచ్చింది: ‘చెప్పి మంచి పని చేశావమ్మా. పేరు ఇచ్చుకో. కానీ ఈసారి ఏ పనికో ముందే రాసి పంపు. పోయినసారి నువ్వు టీమ్‌ని నడిపిన సంగతి అడిగితే ఏ ప్రాజెక్టు చెప్పాలో గుర్తురాక తడుముకున్నాను.’ ఉద్యోగ ప్రకటనతో పాటు ఆ ప్రాజెక్టు వివరాలు రెండు పేరాల్లో ఇప్పుడే రాస్తున్నాను.