డ్రాఫ్ట్ వారం ఆలస్యం: గైడ్‌కు ముందే చెప్పాలా, ఉన్నంత వరకు పంపాలా?

బోరుబావి: మా గైడ్ సార్‌కు పేపర్ డ్రాఫ్ట్ 14వ తేదీ శుక్రవారం ఇస్తానని మాట ఇచ్చాను. ఈ రోజు సోమవారం. 21 వరకు కాదని తేలిపోయింది. ఇప్పుడే చెప్పాలా, శుక్రవారం ఉన్నంత వరకు పంపాలా? చెబితే ఏ రోజుకు ఏ పని పూర్తవుతుందో కూడా రాయాలా? పేపర్ నల్లగొండ జిల్లాలోని 60 బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ గురించి. వాటిలో 18 నమూనాలను మళ్లీ కొలవాలి. రెండు రోజులు ఎలక్ట్రోడ్‌ను కొత్తగా కాలిబ్రేట్ చేయకుండా, మొదటి రోజు గీసిన గీతతోనే లెక్క కట్టాను. ఆ సాయంత్రాలు సరిచూసిన, లీటరుకు 1.0 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న ప్రమాణ ద్రావణం 1.2 చూపినట్టు నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉంది. నిన్న పట్టికలు వేస్తుంటే కంటపడింది.

పాతస్కాలర్: ఉన్నంత పంపండి. నా అయిదేళ్ల అనుభవం చెబుతున్నాను: పంపిన డ్రాఫ్ట్ గైడ్ దగ్గర పది రోజులైనా తెరవకుండా ఉంటుంది. ఆ లోపు 18 కొలతలూ పూర్తి చేసి, సరిచేసిన ప్రతి పంపితే సరిపోతుంది. ఆలస్యం అన్న మాట మీ నోటి నుంచి ఎందుకు రావాలి?

నీలిసిరా: పాతస్కాలర్ గారూ, పదిహేనేళ్లు ఆ డ్రాఫ్టులు తెరిచినదాన్ని నేను. తెరవని రోజులు ఉన్న మాట నిజమే. కానీ శుక్రవారం వస్తుందని చెప్పినప్పుడు శని, ఆదివారాలు దానికోసం ఖాళీగా పెట్టుకున్న సందర్భాలు ఎన్నో. తప్పుడు అంకెల మీద ఎర్రసిరాతో రెండు పూటలు కూర్చున్నాక, సోమవారం ఉదయం "మేడమ్, ఆ పట్టిక మారింది" అని విన్నప్పుడు కలిగే బాధ నాకు తెలుసు. ఆ తరువాత ఆ విద్యార్థి ఏ పట్టిక తెచ్చినా నోట్‌బుక్ కూడా తెమ్మని అడిగేదాన్ని.

బోరుబావి గారూ, రెండు ప్రశ్నలు. ఆ 18లో తాగునీటికి ఉన్న 1.5 పరిమితికి దగ్గరగా ఉన్నవి ఎన్ని? నీళ్లు ఏ రోజు పట్టారు, ఏ సీసాల్లో?

గడువు: ఇది విభాగం కమిటీకి దరఖాస్తు పెట్టుకోవలసిన విషయం. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ఆరేళ్లు, మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే మరో రెండేళ్లు ఉన్నాయి. గైడ్ సంతకం ఉంటే భయం లేదు.

బోరుబావి: గడువు గారూ, నాది థీసిస్ సంగతి కాదండీ, ఒక పేపర్ డ్రాఫ్ట్ మాత్రమే.

నీలిసిరా మేడమ్, 1.5కు కాస్త అటూ ఇటూ ఉన్నవి ఏడు. నీళ్లు అక్టోబరు 22న పట్టాను, పాలిథిలిన్ సీసాల్లో. సగం పైగా నీళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి.

నీలిసిరా: అయితే మీ జాబులో రాయవలసిన మొదటి తేదీ ఆ సీసాలే చెబుతున్నాయి. ప్లాస్టిక్ సీసాలో ఫ్లోరైడ్ నమూనాను 28 రోజుల లోపు కొలవాలి. అంటే నవంబరు 19తో మీ నీళ్ల గడువు తీరిపోతుంది. ఆ లోపు కొలతలు కుదరకపోతే మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి నీళ్లు పట్టుకురావాలి, అప్పుడు 21 అన్న మాటే ఉండదు.

అందుకే మొదటి మైలురాయి ఉపోద్ఘాతం కాకూడదు. చాలామంది తేలికగా అయ్యేదాన్ని ముందు పెడతారు: బుధవారానికి ఉపోద్ఘాతం, శుక్రవారానికి పద్ధతులు. అవి ఎలాగూ అవుతాయి. 21వ తేదీ నిలుస్తుందో లేదో వాటిని చూసి గైడ్‌కు ఏమీ తెలియదు. ఆ సంగతి తేల్చే పనిని ముందు పెట్టాలి. మీకు అది ఆ 18 కొలతలే. ఒక్కో నమూనాను రెండుసార్లు చదివినా 36 రీడింగులు. మీటరు దొరికితే ఒక రోజు పని.

ఇంగ్లీషులో పంపినా జాబు వరుస ఇలా ఉంటే చాలు:

"సార్, 14న ఇస్తానన్న డ్రాఫ్ట్ 21 శుక్రవారం సాయంత్రం ఇస్తాను. 18 నమూనాల కొలతలు తప్పాయి. రెండు రోజులు కాలిబ్రేట్ చేయకపోవడం నా పొరపాటు. 1.0 ద్రావణం 1.2 చూపింది కాబట్టి ఆ అంకెలు ఉన్నదానికన్నా ఎక్కువగా వచ్చి ఉండాలి. ఏడు బావులు 1.5కు దగ్గరగా ఉన్నాయి, పరిమితి దాటిన బావుల లెక్క మారవచ్చు. 12 బుధవారం రాత్రికి కొత్త కొలతలు, ఆ రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చదివిన 1.0 ద్రావణం అంకెలతో సహా పంపుతాను. అది 0.95, 1.05 మధ్య నిలవకపోతే 21 కూడా కుదరదు, 13 ఉదయమే చెబుతాను. 15 శనివారం పట్టిక, పటం. 18 మంగళవారం ఫలితాలు, చర్చ. 21 పూర్తి డ్రాఫ్ట్."

క్షమాపణ ఒక్క వాక్యం చాలు. ఆరోగ్యం, కరెంటు, ల్యాబ్ రద్దీ వంటివి చేర్చకండి. కారణం అవి కాదు కదా.

మూడోఏడు: తేదీలు రాసి ఇవ్వవద్దని నా మనవి. నేను నాలుగు తేదీలు ఇచ్చాను. మా గైడ్ వాటిని తన గదిలోని తెల్లబోర్డు మీద రాసి పెట్టారు. రెండోది ఒక్క పూట తప్పింది. ఆ రోజు నుంచి గదిలోకి వెళ్లినప్పుడల్లా ముందు బోర్డు వైపు చూసేవారు, తరువాతే నా వైపు. చివరి తేదీకి పేపర్ ఇచ్చాను, అయినా ఆయన మనసులో నాది నాలుగు ఆలస్యాల పేపరే. ఒక్క తేదీ చెప్పి ఉంటే ఒక్క ఆలస్యమే అయ్యేది.

నీలిసిరా: మీ బాధలో న్యాయం ఉంది. నాలుగు ఎక్కువే కావచ్చు. 15వ తేదీని తీసేసి పట్టిక, పటం 18న కలిపి ఇవ్వవచ్చు. కానీ 12ను తీయవద్దు.

పాతస్కాలర్: కొలతలు తప్పినప్పుడు ఫలితాలు పంపకూడదు, అది ఒప్పుకుంటాను. 1.7 అని రాసిన బావి అసలు 1.4 దగ్గర ఉంటే, పరిమితి దాటిందన్న వాక్యమే అబద్ధం అవుతుంది. కానీ 14న ఏదో ఒకటి చేతికి అందాలి. అధ్యయన ప్రాంతం, నీళ్లు పట్టిన తీరు, బఫర్ కలిపిన వివరం, ఇవేవీ మారవు. అవి శుక్రవారం పంపితే ఆయన ఖాళీ పెట్టుకున్న శని, ఆదివారాలు వృథా కావు.

నీలిసిరా: మంచి మాట, నా జాబులో అది లేదు. ఒక్కటి మాత్రం: కాలిబ్రేషన్ పేరా మారుతుంది. మళ్లీ కొలిచిన సంగతి అందులో రాయాలి.

మూడోఏడు: పొరపాటును మెయిల్‌లో రాయడం నాకు ఇంకా నచ్చలేదు. అది శాశ్వతంగా ఉండిపోతుంది. గదిలోకి వెళ్లి ఎదురుగా చెప్పాలి.

పాతస్కాలర్: ఎదురుగా చెబితే తేదీలు గుర్తుండవు.

బోరుబావి: మధ్యాహ్నం గదికి వెళ్లి నోట్‌బుక్ తెరిచి ఆ 1.2 ఉన్న పేజీ చూపించాను. సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మిగతా 42 కొలిచిన రోజుల్లో సాయంత్రం అంకె ఎంత వచ్చిందని అడిగారు. అన్నీ 0.97, 1.03 మధ్యే ఉన్నాయి, పేజీలు తిప్పి చూపించాను. తరువాత 12, 18, 21 తేదీలతో మెయిల్ పంపాను, 14న ప్రాంతం, పద్ధతులు ఇస్తానని చేర్చాను.

ఇప్పుడే జవాబు వచ్చింది: "బుధవారం తొమ్మిదికి ల్యాబ్‌కు వస్తాను. 1.5 ప్రమాణ ద్రావణం కూడా తయారుచేసి ఉంచు. ఆ ఏడు బావులను ముందు చదువుదాం." 21 గురించి ఔననీ కాదనీ అనలేదు.

మూడోఏడు: చూశారా, ఇక ఆయన పక్కనే నిలబడతారు.

బోరుబావి: నిలబడనివ్వండి. ఆ ఏడు అంకెలను ఇంకొకరు కూడా చూడాలనే నాకూ ఉంది.