డాలర్ నోట్లకు ఒక రేటు, ట్రాన్స్‌ఫర్‌కు ఇంకో రేటు: ఏం చేస్తే నష్టం తగ్గుతుంది?

డల్లాస్ నుంచి వచ్చిన మా తమ్ముడు అమ్మ వైద్యానికని 1,400 డాలర్లు నోట్లుగా చేతిలో పెట్టి వెళ్లాడు. మార్చుదామని బ్యాంకుకి వెళ్తే రేట్ల కాగితం చూపించారు. ట్రాన్స్‌ఫర్‌గా వచ్చే డాలర్లకు ఇచ్చే టీటీ బయ్యింగ్ రేటు 83.10, కరెన్సీ నోట్ల బయ్యింగ్ 81.75. డాలరుకి 1.35 తేడా, అంటే మొత్తం మీద 1,890 రూపాయలు తక్కువ. అమ్మ నెల మందుల ఖర్చు అది!

కౌంటర్‌లో ఆవిడ ఓపిగ్గానే చెప్పారు. ట్రాన్స్‌ఫర్ అయితే డాలర్లు విదేశంలో ఈ బ్యాంకుకే ఉన్న ఖాతాలో నేరుగా జమ అవుతాయట. నోట్లయితే దొంగవేమో చూడాలి, ఇన్సూరెన్స్‌తో పంపాలి, కొనేవాళ్లు దొరికేదాకా వడ్డీ లేకుండా పెట్టెలో ఉంచాలి. ఆ ఖర్చంతా రేటులోనే కోస్తారట. కారణం అర్థమైంది, కానీ మనసు ఒప్పుకోవట్లేదు.

దగ్గరి బంధువు ఇచ్చిన నోట్లను ఆర్‌ఎఫ్‌సి డొమెస్టిక్ అనే విదేశీ కరెన్సీ ఖాతాలో డాలర్లుగానే వేసుకోవచ్చని విన్నాను. అలా వేసి తర్వాత రూపాయల్లోకి మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకు టీటీ రేటు ఇచ్చారా, నోట్ల రేటేనా? నోట్లు జమ చేసేటప్పుడు విడిగా ఛార్జీ పట్టుకున్నారా? వచ్చే వారం ఆసుపత్రికి కట్టాలి, దయచేసి చెప్పండి.