రంగు చీటీలతో విభక్తులు: చదువా, ఆటా?

నాలుగో తరగతి తండ్రి: మా వాడికి డిస్లెక్సియా. రెమెడియల్ టీచర్ రంగు చీటీలు ఇచ్చి, నేల మీద గెంతిస్తూ విభక్తులు చెబుతున్నారు. పరీక్ష పేపర్లో రంగులుండవు కదా, దీంతో వ్యాకరణం వస్తుందా?

కృష్ణాతీరం: రంగుల మాటే నమ్మకండి. రంగు అద్దాలు, అక్షరాల మీద పరిచే రంగు షీట్లు డిస్లెక్సియాకు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2009లోనే చెప్పింది.

సుద్దముక్క: అది నిజమే, కానీ ఇది వేరండీ. ఆ షీట్లు చూపును సరిచేస్తామంటాయి. ఇక్కడ రంగు వాక్యంలో ఒక ముక్క చేసే పనిని చూపిస్తుంది, అంతే.

నా దగ్గర ఒక పాప "రవి సీత పుస్తకం ఇచ్చాడు" అని రాసేది. నోటితో చెప్పమంటే తప్పు పోదు, కాగితం మీదకొచ్చేసరికి "కు" ఎగిరిపోయేది. మాటలన్నీ తెల్ల చీటీల మీద రాసి, "కు" ఒక్కటే ఆరెంజ్ చీటీ మీద రాశాను. అన్నిటికీ రంగులు పూస్తే ఏదీ కనబడదు. సుద్దతో రెండు గుండ్రాలు గీశా: ఇచ్చేవాళ్లది ఒకటి, పుచ్చుకునేవాళ్లది ఒకటి. "కు" పట్టుకుని పుచ్చుకునేవాళ్ల గుండ్రంలో నిలబడి వాక్యం పైకి చదవాలి.

ఒకరోజు చీటీని సీత దగ్గర్నుంచి తీసి రవికి ఇమ్మన్నా. "రవికు..." అని ఆగి, "కాదు టీచర్, రవికి" అంది. కొత్త చీటీ రాసిచ్చా. "రవికి సీత పుస్తకం ఇచ్చాడు" అని చదివి, మళ్లీ ఆగి, "ఇచ్చింది" అని తనే దిద్దుకుంది. చెవికి తెలిసిందే చేతికి అందింది.

తర్వాత రంగు తీసేయాలి. రెండో వారం తెల్ల చీటీ మీద ఆరెంజ్ గీత, ఆపైన పెన్సిల్ గీత, చివరికి ఏమీ లేకుండా కొత్త వాక్యం. చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. "ఇక్కడ కు ఎందుకు?" అని అడిగి చూడండి. "ఆరెంజ్ కాబట్టి" అంటే వాడు నేర్చుకున్నది రంగునే.

ఇద్దరు పిల్లల అమ్మ: మా వాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. క్లాసులో ఆ రెండు రంగులే వాడారు, నెలరోజులు బద్ధకం అనుకున్నారు.

సుద్దముక్క: అందుకే నేను ప్రత్యయం చీటీకి ఒక మూల కత్తిరిస్తానమ్మా. తడిమినా తెలుస్తుంది.

పాత లెక్కల మాస్టారు: పాప నేర్చుకుంది, సంతోషం. కానీ అది రంగు వల్లా, రోజూ ఒకే వాక్యాన్ని తిప్పితిప్పి చదివించడం వల్లా? ఇలా చూపు, చెవి, చెయ్యి కలిపి నేర్పే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి మీది అధ్యయనాలను 2021లో కలిపి చూశారు. ఫలితం మేలువైపే మొగ్గింది గానీ, తేల్చి చెప్పేంత కాదు. అదీ చదవడం గురించి, వ్యాకరణం గురించి కాదు.

సుద్దముక్క: విడదీసి చెప్పలేను మాస్టారూ. గెంతడం మొదలుపెడితే వాక్యమే మర్చిపోయే పిల్లాడూ ఉన్నాడు, వాణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి చీటీలు జరిపిస్తా.

నాలుగో తరగతి తండ్రి: రాత్రి మా వాణ్ణి "కు ఎందుకురా?" అని అడిగా. "ఆరెంజ్ చీటీ అక్కడే పెట్టాలి నాన్నా" అన్నాడు. రేపు టీచర్ గారితో మాట్లాడాలి.