పది కంటే పద్నాలుగు చవకని అమ్మ బొత్తాలతో లెక్కకట్టింది

నడిపివాడు:
తమ్ముడికి బండి కొనడానికి లక్ష అప్పు కావాలి. ఒకచోట పది శాతం వడ్డీ అన్నారు, ఇంకోచోట పద్నాలుగు. రెండూ రెండేళ్ల వాయిదాలే. అక్కా నేనూ కళ్లు మూసుకుని పదికి వెళ్లమన్నాం.

అమ్మ వంటింటి బల్ల తుడుస్తూ, "ఆ పది దేనిమీదరా?" అంది. లక్షమీదే అన్నాడు వాడు. "ఆఖరి నెలలో కూడా లక్షమీదేనా?" అంది. ముగ్గురం నోరెత్తలేదు.

కుట్టు డబ్బాలోంచి 24 బొత్తాలు లెక్కపెట్టి వాడి ముందు పోసింది. "ఇది నీ అప్పు. నెలకొకటి నాకిచ్చెయ్." వాడు నవ్వుతూ ఒక్కోటే ఇచ్చాడు. పన్నెండోదాని దగ్గర చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడు నీ దగ్గర పన్నెండే ఉన్నాయి. వడ్డీ మాత్రం ఎన్నింటికి కడుతున్నావు?" వాడు కాగితం మళ్లీ చదివాడు. ఇరవై నాలుగింటికీ.

అప్పుడు మా చేతే వేయించింది. మొదటి అప్పులో ఏడాదికి పది వేల చొప్పున రెండేళ్లకి వడ్డీ 20,000. అసలుతో కలిపి 24 వాయిదాలు చేస్తే నెలకి 5,000. రెండోచోట వడ్డీ మిగిలిన అసలు మీదే కాబట్టి నెలకి 4,801. మొత్తంమీద పద్నాలుగు శాతం అప్పే 4,700 పైన తక్కువ! అక్క రెండుసార్లు ఫోన్లో కొట్టి చూసుకుంది.

మీ ఇళ్లలో ఇలా లెక్క తేడా పట్టుకున్నవాళ్లున్నారా?

పాత బాకీ:
దీనికి సులువు సూత్రం ఉందండీ. ఇలా మొదటి అసలు మీదే చివరిదాకా వడ్డీ వేసే ఫ్లాట్ రేటుని, మిగిలిన అసలు మీద వేసే రేటుతో పోల్చాలంటే రెండింతలు చేసేయడమే. పది అంటే ఇరవై. నేను ఎప్పుడూ అంతే చూస్తా.

లెడ్జరు:
దగ్గరగానే ఉంటుంది కానీ సరిగ్గా రెండింతలు కాదు. నడిపివాడుగారి లెక్కకి స్ప్రెడ్‌షీట్‌లో ఇది వేయండి:

```
=RATE(24,-5000,100000)*12
```

సుమారు 18.2 శాతం వస్తుంది. అంటే నూటికి నెలకి ఒకటిన్నర వడ్డీ. రేటు పెద్దదై, గడువు పొడుగైతే మీ సూత్రం ఇంకా తప్పుతుంది. ఫ్లాట్ ఇరవై, అయిదేళ్లయితే నలభై కాదు, ముప్పై ఒకటి చిల్లర.

ఇరవై ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి, ఒక్కటి అడుగుతా. లక్ష అన్నారు, చేతికి ఎంత వస్తోంది?

నడిపివాడు:
అమ్మ కూడా అదే అడిగిందండీ! మొదటివాళ్లు ప్రాసెసింగ్ ఫీజు 2,000 ముందే పట్టుకుంటారట. రెండోచోట ఆ కోత లేదు.

లెడ్జరు:
అయితే పై ఫార్ములాలో 100000 బదులు 98000 పెట్టండి. 20 దాటుతుంది. చేతికి రాని రెండు వేలకి కూడా వడ్డీ కడుతున్నట్టే కదా.

కొత్త ఉద్యోగి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నాకు వాయిదా తక్కువగా ఉండాలి, అంతే. రెండేళ్లది నాలుగేళ్లు చేయిస్తే మంచిదేగా? జీతం చేతిలో మిగలడంలేదని ఒకటే టెన్షన్.

లెడ్జరు:
వాయిదా తగ్గుతుంది. కానీ ఇదే లక్ష, ఫ్లాట్ పది, నాలుగేళ్లకైతే వడ్డీ 40,000. నెలకి మిగిలేది రెండు వేల చిల్లర, బదులుగా ఇంకో ఇరవై వేలు. నెల గడవకపోతే అది తప్పదేమో, మీ పరిస్థితి నాకు తెలీదు. గడువు మార్చాక మొత్తం ఎంత కడతారో మాత్రం చూసుకోండి.

గోడమీద పిల్లి:
నేను చెయ్యి కాల్చుకుంది వేరేచోట. ఫ్లాట్ అప్పు ఏడాదికే తీర్చేద్దామని డబ్బు పట్టుకెళ్తే, మిగిలిన ఏడాది వడ్డీ కూడా కట్టమన్నారు. తీరా చూస్తే నేను సంతకం పెట్టిన కాగితంలో ఉంది. చదవకపోవడం నా తప్పే. ముందుగా తీరిస్తే లాభం అని లెక్కేసుకున్నవాణ్ణి వెర్రిమొహం వేసుకుని తిరిగొచ్చాను.

పాత బాకీ:
అందరూ అలా చేయరు లెండి. నాకు కొంత తగ్గించారు.

గోడమీద పిల్లి:
ఎంత తగ్గిస్తారో ముందే రాసిచ్చారా?

పాత బాకీ:
లేదు. వాళ్లు చెప్పింది కట్టేశా.

నడిపివాడు:
ఇది చదివి వినిపిస్తే అమ్మ తమ్ముడి చేత రెండుచోట్లకీ ఫోన్ చేయించింది. "పన్నెండో వాయిదా కట్టాక మొత్తం తీర్చేస్తానంటే ఎంత కట్టాలి?" అని అడిగించింది. పద్నాలుగువాళ్లు అప్పటికి మిగిలే అసలు, దానిమీద రుసుము కలిపి మెయిల్ పంపారు. పదివాళ్లు, "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం సార్, మీకు సర్దుతాం" అన్నారు.

కాకపోతే పద్నాలుగువాళ్లకి హామీ సంతకం కావాలట, పదివాళ్లు రేపే డబ్బిస్తామంటున్నారు. తమ్ముడి మనసు ఇంకా అటే లాగుతోంది. హామీ సంతకం ఎవరు పెట్టాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. బొత్తాలు బల్లమీదే ఉన్నాయి.