'వన్ ఆఫ్ ద క్యాండిడేట్స్ హూ...' తర్వాత హ్యాజా, హ్యావా?

సుజాత:
నిన్న మాక్ టెస్ట్‌లో ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్న ఒకటి తప్పింది. అప్పటినుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. వాక్యాన్ని ముక్కలు చేసి ఇచ్చారు. ఎ: 'షి ఈజ్ వన్ ఆఫ్ ద క్యాండిడేట్స్'. బి: 'హూ హ్యాజ్ క్లియర్డ్'. సి: 'ద రిటన్ టెస్ట్'. డి: 'నో ఎర్రర్'. నేను డి పెట్టాను. కీలో బి ఉంది, అక్కడ 'హ్యావ్' రావాలట. 'వన్ ఆఫ్' తర్వాత నౌన్ బహువచనంలో, వెర్బ్ ఏకవచనంలో ఉండాలని మొదటినుంచీ చదువుకున్నదే కదా. పైగా అదే పేపర్లో 'వన్ ఆఫ్ ద క్యాండిడేట్స్ హ్యాజ్ విత్‌డ్రాన్' అన్న వాక్యానికి 'నో ఎర్రర్' అని ఇచ్చారు. ఒక చోట హ్యాజ్ తప్పు, ఇంకో చోట ఒప్పు. కీ తప్పా, నేను తప్పా?

కిరణ్:
కీ కరెక్టే అక్కా. 'హూ'కి సరిగ్గా ముందు ఏ నౌన్ ఉందో చూడు, వెర్బ్ దాన్ని బట్టే వస్తుంది. ఇక్కడ 'క్యాండిడేట్స్' ఉంది, కాబట్టి 'హ్యావ్'. నేను ఈ ఒక్క సూత్రంతోనే అన్నీ పెట్టేస్తాను, ఇంతవరకు తప్పలేదు.

పద్మ:
నాకు వేరే అనుమానం వచ్చింది. టెస్ట్ అయిపోయింది కదా, అందుకని 'హ్యాజ్' తీసేసి ఉత్త 'క్లియర్డ్' అనాలేమో? బి తప్పు అన్నది టెన్స్ వల్లేమో చూడండి.

వెంకట్రావు:
పద్మ గారూ, ఆ వాక్యంలో ఎప్పుడు పాసయ్యారో చెప్పే మాట లేదు. 'లాస్ట్ వీక్' లాంటిది ఉండుంటే మీరన్నట్టే 'హ్యాజ్', 'హ్యావ్' రెండూ తప్పయ్యేవి. లేదు కాబట్టి టెన్స్‌తో పేచీ లేదు, తప్పు వచనం దగ్గరే ఉంది.

సుజాత గారూ, ఇలాంటి వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పుకోండి. 'రాతపరీక్ష పాసైన అభ్యర్థుల్లో ఆమె ఒకరు.' ఇందులో 'పాసైన' అన్న మాట దేన్ని అంటిపెట్టుకుని ఉంది? 'అభ్యర్థుల్లో' అన్నదాన్ని. పాసైనవాళ్ళు ఒక గుంపు, ఆ గుంపులో ఈమె ఒకరు. ఇంగ్లిష్‌లో 'హూ' తర్వాత వచ్చే ముక్క కూడా ఆ గుంపు గురించే చెబుతోంది. అందుకే 'హ్యావ్'.

మీ రెండో వాక్యంలో 'హూ' లేనే లేదు. 'అభ్యర్థుల్లో ఒకరు తప్పుకున్నారు.' తప్పుకున్నది ఒక్కరే, కాబట్టి 'హ్యాజ్'. మీరు నేర్చుకున్న సూత్రం ఈ వాక్యానికి అక్షరాలా సరిపోతుంది. మొదటి వాక్యంలో అది 'హూ' దాటి లోపలికి వెళ్ళదు. అక్కడ 'షి'కి జోడీ 'ఈజ్', 'హూ'కి జోడీ 'హ్యావ్'.

సుజాత:
గుంపు సంగతి అర్థమైంది సార్. కానీ చదివేటప్పుడు నా చెవికి 'హ్యాజ్' అసలు ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఎందుకంటారు?

వెంకట్రావు:
మంచి ప్రశ్న అడిగారు. నాకు తోచిన కారణం మన భాషలోనే ఉంది. 'పాసైన అభ్యర్థి', 'పాసైన అభ్యర్థులు' అని చూడండి. ఒకరైనా పదిమందైనా 'పాసైన' మారదు. ఇంగ్లిష్‌వాళ్ళు 'హూ' పెట్టి వెనక ఒక వెర్బ్ తగిలించి వచనం చూపించే చోట, మనం వచనమే లేని మాటతో సరిపెడతాం. ఆ చోట ఏకవచనమా బహువచనమా అని చూసుకునే అలవాటు తెలుగు చెవికి లేదు.

ఇంకోటి కూడా ఉంది. 'ఒకరు తప్పుకున్నారు' అంటాం. మనిషి ఒక్కరే, క్రియ మాత్రం గౌరవం కోసం బహువచన రూపంలో ఉంటుంది. మనుషుల విషయంలో మన క్రియ లెక్కను ఉన్నదున్నట్టు చెప్పదు. అందుకని చెవిని నమ్ముకోకుండా, ఆ వెర్బ్ ఎవరి గురించి అని ప్రతిసారీ అడగాల్సిందే.

ఈ రెండూ కలిసిన వాక్యం ఒకటి ఇస్తాను. 'వన్ ఆఫ్ ద క్యాండిడేట్స్ హూ హ్యావ్ క్లియర్డ్ ద రిటన్ టెస్ట్ హ్యాజ్ విత్‌డ్రాన్.' తెలుగులో 'రాతపరీక్ష పాసైన అభ్యర్థుల్లో ఒకరు తప్పుకున్నారు.' పాసైనవాళ్ళు చాలామంది, తప్పుకున్నది ఒకరు. హ్యావ్, హ్యాజ్ రెండూ ఒకే వాక్యంలో, ఎవరి చోట వాళ్ళు. 'హూ' నుంచి 'టెస్ట్' దాకా వేలితో మూసి చదవండి, మీ రెండో ప్రశ్న వాక్యమే మిగులుతుంది.

కిరణ్:
అంటే నా సూత్రం కూడా కరెక్టే కదా సార్? జవాబు అదే వచ్చింది.

వెంకట్రావు:
ఈ ప్రశ్నకి వచ్చింది బాబూ. 'షి ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ద క్యాండిడేట్స్ హూ డ్యాష్ క్లియర్డ్ ద రిటన్ టెస్ట్' అని ఖాళీ ఇస్తే ఏం పెడతావు?

కిరణ్:
'హూ'కి ముందు 'క్యాండిడేట్స్' ఉంది కాబట్టి 'హ్యావ్'.

వెంకట్రావు:
తెలుగులో చెప్పి చూడు.

కిరణ్:
'అభ్యర్థుల్లో రాతపరీక్ష పాసైనది ఆమె ఒక్కరే.' ఓహ్. 'పాసైన' ఇప్పుడు 'అభ్యర్థుల' ముందు లేదు, ఆమె వైపు వచ్చేసింది. మిగతావాళ్ళు పాసే కాలేదు. అయితే 'హ్యాజ్'. ఇన్నాళ్ళూ 'ఓన్లీ' ఉన్న ప్రశ్న నాకు తగల్లేదు, అందుకే ఆ సూత్రాన్ని నమ్మేశాను.

వెంకట్రావు:
అదే. 'హూ'కి ముందున్న నౌన్ రెండు వాక్యాల్లోనూ ఒకటే, వెర్బ్ మాత్రం మారిపోయింది. దగ్గరి నౌన్‌ని చూడమనే సూత్రానికి ఈ తేడా కనబడదు. ప్రశ్న తయారుచేసేవాళ్ళు 'ఓన్లీ' అన్న మాట వేసేది ఇలా పట్టుకోవడానికే.

కామా పెట్టినా ఇలాగే మారుతుంది. 'వన్ ఆఫ్ మై కజిన్స్, హూ లివ్స్ అబ్రాడ్, ఈజ్ కమింగ్.' ఇక్కడ కామాల మధ్య ఉన్నది ఆ ఒక్క మనిషి గురించి పక్కన చెప్పిన మాట. 'నా కజిన్ ఒకడు వస్తున్నాడు, వాడు విదేశాల్లో ఉంటాడు.' తెలుగులో అది విడి వాక్యమైపోతుంది చూడండి. కామాలు తీసేస్తే, 'విదేశాల్లో ఉండే నా కజిన్స్‌లో ఒకడు' అని, మామూలుగా 'లివ్' అవుతుంది.

పద్మ:
నా గోడు కూడా వినండి సార్. వెర్బే కానీ వచనం కాదు, టెన్స్. 'హి టోల్డ్ మి దట్ హి ఈజ్ ప్లానింగ్ టు రిజైన్' అని ఇస్తే 'నో ఎర్రర్' పెట్టాను. 'వాజ్' రావాలన్నారు. సరే అని ఆ తర్వాతి వారం 'షి టోల్డ్ అస్ దట్ లైట్ ట్రావెల్స్ ఫాస్టర్ దేన్ సౌండ్'లో 'ట్రావెల్స్' తప్పని పట్టుకున్నాను. అందులో ఎర్రర్ లేదన్నారు. రెండు మార్కులూ పోయాయి. పరీక్షలో 'టోల్డ్', 'సెడ్' కనబడితే చాలు, టెన్షన్ వచ్చేస్తోంది.

వెంకట్రావు:
మీ మొదటి తప్పు కూడా తెలుగు చెవి చేయించిందేనమ్మా. 'రాజీనామా చేద్దామనుకుంటున్నానని చెప్పాడు' అంటాం. ఆ మనిషి నోటివెంట వచ్చిన 'అనుకుంటున్నాను' అలాగే ఉంచి 'అని' తగిలిస్తాం. 'చెప్పాడు' భూతకాలమైనా లోపలి మాట కదలదు. ఇంగ్లిష్‌లో 'టోల్డ్' లోపలి వెర్బ్‌ని కూడా వెనక్కి లాగుతుంది, 'ఈజ్' కాస్తా 'వాజ్' అవుతుంది. కాంతి ధ్వని కంటే వేగంగా పోవడం మాత్రం ఆమె చెప్పిన రోజుకు కట్టుబడినది కాదు. అందుకే 'ట్రావెల్స్' నిలబడుతుంది. ఆ మాట చెప్పిన రోజుదా, ఎప్పటికీ ఉండేదా అని అడిగి చూడండి.

ఫాతిమా:
ఇక్కడ ఒక మాట కలపనివ్వండి. అతను ఇప్పటికీ రాజీనామా ఆలోచనలోనే ఉంటే 'టోల్డ్ మి దట్ హి ఈజ్ ప్లానింగ్' అని ఇంగ్లిష్‌వాళ్ళు మామూలుగానే అంటారు. నేను రోజూ అనువాదం పనిలో చూస్తాను. కీ ప్రకారం తప్పు కావచ్చు, భాష ప్రకారం కాదు.

సుజాత గారి వాక్యం కూడా అంతే. 'వన్ ఆఫ్ దోజ్ హూ ఈజ్' అని మంచి రచయితలు రాసినవి చాలానే ఉన్నాయి. మెరియమ్-వెబ్‌స్టర్ వాడుక గ్రంథం కూడా ఏకవచనాన్ని తప్పుగా లెక్కకట్టలేదు. రాసేవారి మనసు 'వన్' మీద ఉంటే ఏకవచనం వచ్చేస్తుంది.

వెంకట్రావు:
ఒప్పుకుంటాను ఫాతిమా గారూ. వాడుకలో రెండూ ఉన్నాయి. కానీ నాలుగింట్లో ఒకటే గుర్తుపెట్టాల్సిన చోట, వాక్యం అర్థానికి బహువచనమే దగ్గర. ఎక్కువ కీలు కూడా అటే ఉంటాయి.

ఫాతిమా:
'ఎక్కువ' అన్నారు, అన్నీ అనలేదు. ఏకవచనం సరైనదని ఇచ్చిన కీ ఎదురైతే అభ్యర్థి ఏం చెయ్యాలి? నా మటుకు నాకు, రెండు రకాలుగా రాసే వాక్యాన్ని ఎర్రర్ స్పాటింగ్‌లో ఇవ్వడమే అన్యాయం.

వెంకట్రావు:
ఆ ప్రశ్న పెట్టకూడదన్న మీ మాటతో నాకు పేచీ లేదు. పెట్టాక మాత్రం నేను 'హ్యావ్' వైపే ఉంటాను.

సుజాత:
నేనూ 'హ్యావ్' వైపే ఉంటాను, ఫాతిమా గారి మాట గుర్తుంచుకుంటాను. పాత పేపర్లలో ఇలాంటివి ఆరు దొరికితే తెలుగులో చెప్పుకుంటూ చేశాను. అయిదు వచ్చాయి, ఒకటి పోయింది. 'మోర్ దేన్ వన్ క్యాండిడేట్ డ్యాష్ క్లియర్డ్ ద టెస్ట్.' తెలుగులో 'ఒకరికంటే ఎక్కువమందే పాసయ్యారు' అని వచ్చింది, 'హ్యావ్' పెట్టాను. కీలో 'హ్యాజ్' ఉంది.

కిరణ్:
ఇది కీ తప్పే అక్కా. ఇద్దరున్నా బహువచనమే కదా.

వెంకట్రావు:
కాదు బాబూ, ఇక్కడ కీ కరెక్టే. తప్పు నా దగ్గర ఉంది, ఈ హద్దు ముందే చెప్పాల్సింది. తెలుగులో చెప్పుకోవడం వల్ల 'హూ' ముక్క ఎవరికి అంటుకుంటుందో తెలుస్తుంది, అంతవరకే. 'మోర్ దేన్ వన్'లో 'హూ' లేదు. అర్థంలో ఎంతమంది ఉన్నా, 'వన్' పక్కన 'క్యాండిడేట్' ఏకవచనంలోనే నిలబడింది, వెర్బ్ ఆ రూపాన్నే చూస్తుంది. 'మెనీ ఎ క్యాండిడేట్ హ్యాజ్' కూడా ఈ కోవదే. 'మోర్ దేన్ టూ క్యాండిడేట్స్' అని ఉంటే 'హ్యావ్' వచ్చేది. ఇలాంటివాటికి తెలుగు అర్థం పట్టుకుంటే మోసపోతాం, ఇంగ్లిష్ నౌన్ చివర 'ఎస్' ఉందో లేదో చూడాలి.

సుజాత:
అయితే 'హూ', 'విచ్', 'దట్' ఉన్నవి ఒక పేజీలో, లేనివి ఇంకో పేజీలో విడదీసి మళ్ళీ చేస్తాను. కిరణ్, నీ దగ్గర 'ఓన్లీ వన్' ఉన్నవి ఇంకేమైనా దొరికితే పెట్టు.