ఎక్స్‌పైరీ రోజు షార్ట్ కాల్స్ నాలుగు లాట్లూ బ్రోకరే కోసేసినాడు, లెటర్ చూసి చెప్పండి

హంద్రీ ఒడ్డు, కర్నూలు
నిఫ్టీ వీక్లీ 25,200 కాల్ 4 లాట్లు షార్ట్. లాట్ సైజు అప్పుడు 75, ఆ లెక్కన 300 క్వాంటిటీ. హెడ్జ్‌గా తర్వాతి వారం 25,400 కాల్ 4 లాట్లు లాంగ్. సోమవారం దాకా మార్జిన్ ఇబ్బంది లేదు. మంగళవారం ఎక్స్‌పైరీ. 9:21కి మెయిల్ వచ్చింది: కావల్సింది 8,60,000, ఉన్నది 6,20,000, తక్కువ పడిన 2,40,000 ఉదయం 11:00 లోపు జమ చేయండి అని. 10:07కే బ్రోకరు రిస్క్ టీమ్ ఆర్‌ఎంఎస్ వాళ్లు నాలుగు లాట్లూ 44.60కి కొనేసినారు. సాయంత్రం నిఫ్టీ 25,200 కిందనే ముగిసింది, కాల్ సున్నా. లెటర్ ఇట్లా రాసినా:

"మీరు నా పొజిషన్‌ను ఏకపక్షంగా స్క్వేర్ ఆఫ్ చేసినారు. రాత్రికి రాత్రి మార్జిన్ రెట్టింపు చేయడం చట్టవిరుద్ధం. మీ మార్కెట్ ఆర్డర్ వల్లనే రేటు 38 నుంచి 44కి ఎగిరింది. నా నష్టం 13,380 రూపాయలు వెంటనే జమ చేయాలి, లేకుంటే సెబీకి పోతాను."

పంపేదా?

ఆదోని పత్తి
పంపొద్దన్నా. అకౌంట్ తెరిచినప్పుడు సంతకం పెట్టిన "పాలసీస్ అండ్ ప్రొసీజర్స్" కాగితం తీసి చూడు. బకాయి ఉంటే క్లయింటుకు నోటీసు లేకుండానే పొజిషన్ మూసే హక్కు బ్రోకరుకు ఉందని అందులోనే ఉంటుంది. అందరి దగ్గరా ఉండే కాగితమే అది. ఒక్క పేరా జవాబుతో నీ ఫైలు మూసేస్తారు.

పెనుకొండ ప్రీమియం
ఆదోని అన్నా, బ్రోకరు పక్షం మాట్లాడొద్దు. ఈ రూల్స్ నాకు కొట్టిన పిండి. 2022 ఆగస్టు నుంచి పీక్ మార్జిన్ లెక్క పొద్దున మార్కెట్ మొదలయ్యే ముందు పారామీటర్ల మీదనే. మధ్యలో మార్జిన్ ఎంత పెరిగినా క్లయింటుకు పెనాల్టీ పడదు. పెనాల్టీయే లేనప్పుడు కోసే హక్కు యాడిది? లెటర్‌లో ఇదే మొదటి పాయింట్ పెట్టు. గెలుస్తావు.

పాత బ్యాక్ ఆఫీసు, అనంతపురం
పెనుకొండ సార్, ఆ రూలు ఉన్నమాట నిజమే, ఈ కేసుకు మాత్రం అతకదు. అది పగటిపూట స్పాన్ మారితే పనికొస్తుంది. ఇక్కడ పెరిగింది పగటిపూట కాదు. సెబీ 2024 అక్టోబర్ 1 సర్క్యులర్ ప్రకారం, ఆ రోజు ఎక్స్‌పైర్ అయ్యే కాంట్రాక్టుకు వేరే ఎక్స్‌పైరీ లాంగ్‌ను అడ్డం పెట్టి తీసుకునే మార్జిన్ తగ్గింపు, అదే క్యాలెండర్ బెనిఫిట్, ఉండదు. అది 2025 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. దానికి తోడు ఎక్స్‌పైరీ రోజు ఇండెక్స్ షార్ట్ ఆప్షన్ల మీద అదనంగా 2 శాతం, ఇది 2024 నవంబర్ 20 నుంచి. నిఫ్టీ 25,000 దగ్గర 300 క్వాంటిటీ అంటే 75 లక్షల కాంట్రాక్టు, అందులో 2 శాతమే లక్షన్నర. ఇవి రెండూ ఆ రోజు బెల్లు కొట్టకముందే లెక్కలోకి వస్తాయి. కాబట్టి పొద్దున పారామీటర్లు చూసుకున్నా 8,60,000 అడగడంలో తప్పు కనపడదు.

"మార్జిన్ పెంచడం చట్టవిరుద్ధం" అన్న వాక్యం కొట్టేయండి. లెటర్‌లో ఒక్క మాట తప్పని తేలితే, మిగతా న్యాయమైన మాటల్ని కూడా వాళ్లు చదవరు.

పెనుకొండ ప్రీమియం
మీరు బ్రోకర్ల దగ్గర జీతం తీసుకున్నారు కాబట్టి అట్లనే మాట్లాడతారు.

పాత బ్యాక్ ఆఫీసు, అనంతపురం
తీసుకున్నా. అందుకే వాళ్లు ఏ వాక్యం దగ్గర నవ్వుకుంటారో తెలుసు.

ప్రొద్దుటూరు బంగారం
నాకూ ఇదే జరిగింది. స్టాక్ ఆప్షన్ షార్ట్ పుట్, ఎక్స్‌పైరీ ఇంకా ఉండగానే మూసేసినారు. అడిగితే డెలివరీ అంటారు. ఎవరికి రాయాలి?

ఆదోని పత్తి
బంగారం అన్నా, మీది వేరే కథ. స్టాక్ ఆప్షన్లు 2019 అక్టోబర్ నుంచి అన్నీ డెలివరీ సెటిల్మెంటే. పుట్ మీ మీద పడితే లాట్ మొత్తం షేర్లు డబ్బు కట్టి తీసుకోవాలి. అంత సొమ్ము లేకుంటే చివరి రోజుల్లో మూసేస్తామని చాలామంది బ్రోకర్లు ముందే రాసిపెట్టుకుంటారు. ఇక్కడ నడిచేది నిఫ్టీ, క్యాష్ సెటిల్మెంట్. వేరే థ్రెడ్ పెట్టండి.

ప్రొద్దుటూరు బంగారం
వేరే థ్రెడ్ పెడితే ఎవరూ పలకరు కదప్పా.

పాత బ్యాక్ ఆఫీసు, అనంతపురం
హంద్రీ గారూ, అసలు బలం ఉన్న చోటుకు వద్దాం. ఆదోని చెప్పిన ఆ "నోటీసు లేకుండా" క్లాజు 2009 సెబీ సర్క్యులర్ నుంచి వచ్చింది. అక్కడే పక్కన ఇంకో మాట ఉంది: ఈ హక్కు సెటిల్మెంట్ లేదా మార్జిన్ బాకీ ఎంతో అంతవరకే. జనం ముందు సగం చదివి వదిలేస్తారు.

మీ అంకెలతోనే చూడండి. 4 లాట్లకు 8,60,000 అంటే లాటుకు 2,15,000. తక్కువ పడింది 2,40,000. ఒక లాట్ మూస్తే చాలదు. రెండు మూస్తే కావల్సింది 4,30,000కి దిగుతుంది. ఆ రెండు కొనడానికి 150 × 44.60 = 6,690 పోయినా మీ దగ్గర ఆరు లక్షల పైన ఉంటుంది. ఇంక లోటు లేదు. మరి మూడో లాట్, నాలుగో లాట్ ఏ బాకీ కోసం మూసినట్లు? లెటర్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడాలి.

అప్పుడు మీ క్లెయిమ్ 13,380 కాదు, ఎక్కువగా మూసిన రెండు లాట్లకు 6,690. సగానికి దిగింది, కానీ గట్టిది.

పెనుకొండ ప్రీమియం
6,690 కోసం ఇంత పురాణమా! ఒక్క రోజు తీటా లేదు అది.

హంద్రీ ఒడ్డు, కర్నూలు
సార్, రేటు 38 నుంచి 44కి వాళ్ల ఆర్డర్ వల్లనే ఎగిరింది కదా, అది వదిలేయాలా?

ఆదోని పత్తి
వదిలెయ్. ఎక్స్‌పైరీ పొద్దున నిఫ్టీలో అంత దగ్గరి స్ట్రైక్‌కు 300 క్వాంటిటీ సముద్రంలో చెంబు నీళ్లు. ఆ నిమిషం నిఫ్టీ చార్ట్ పక్కన పెట్టుకుని చూడు, ఇండెక్స్ పైకి పోయి ఉంటుంది. అదే స్టాక్ ఆప్షన్ అయ్యుంటే బిడ్‌కూ ఆస్క్‌కూ మధ్య ఐదు రూపాయల సందు ఉంటుంది, అప్పుడు ఆ వాదన నిలుస్తుంది.

ఇంకోటి అడుగుతా, బ్రోకరు లాయరు ఎట్లాగూ అడుగుతాడు. 10:07కి నాలుగూ మూసినారు. మార్జిన్ ఖాళీ అయింది. ఆ రెండు లాట్లు మళ్లీ నువ్వే ఎందుకు అమ్ముకోలేదు? నష్టం తగ్గించుకునే దారి ఉన్నా ఊరికే కూచున్నావు అంటాడు.

హంద్రీ ఒడ్డు, కర్నూలు
పెట్టినా అన్నా. 10:19కి అదే 25,200 కాల్ 2 లాట్లు సెల్ పెడితే రిజెక్ట్ అయింది. ఈ రోజు ఎక్స్‌పైరీ కాంట్రాక్టులో మీకు కొత్త పొజిషన్ లేదు, ఉన్నది మూసుకోవడమే అని వచ్చింది. స్క్రీన్‌షాట్ ఉంది.

పాత బ్యాక్ ఆఫీసు, అనంతపురం
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది సామీ! మీ చేతిలో ఉన్న అన్ని కాగితాల్లోకి బరువైనది ఇదే. మూసింది వాళ్లు, తిరిగి తెరవనీయంది వాళ్లు. ఆ రిజెక్ట్ అయిన ఆర్డర్ మరుసటి రోజు యాప్‌లో కనపడదు, కాంట్రాక్ట్ నోట్‌లో అసలే రాదు, అందులో జరిగిన ట్రేడ్లే ఉంటాయి. అందుకే లెటర్‌లో ఆర్డర్ లాగ్ అడగాలి.

ఇట్లా మార్చి రాయండి:

"9:21 మెయిల్‌లో మీరు 11:00 దాకా గడువు ఇచ్చి, 10:07కే మూసినారు. మీరు చూపిన లోటు 2,40,000. మీ లెక్క ప్రకారమే 2 లాట్లు మూస్తే ఆ లోటు తీరుతుంది. మిగతా 2 లాట్లు ఏ మార్జిన్ బాకీ కింద మూసినారో లెక్కతో చూపండి. 10:19కి అదే పొజిషన్‌కు నేను పెట్టిన సెల్ ఆర్డర్‌ను తిరస్కరించినారు. ఆ రోజు 9:15 నుంచి 10:30 వరకు నా ఖాతా ఆర్డర్ లాగ్, 10:07కి ముందూ తర్వాతా మార్జిన్ లెక్క, స్క్వేర్ ఆఫ్ ఎవరు పెట్టినారో ఆ టెర్మినల్ వివరం పంపండి. 2 లాట్లకు 6,690 రూపాయలు, వాటి మీద వేసిన స్క్వేర్ ఆఫ్ ఛార్జీలు వాపసు కోరుతున్నాను."

తిట్లు వద్దు, బెదిరింపు వద్దు. జతగా మెయిల్, కాంట్రాక్ట్ నోట్, ఆ రోజు మార్జిన్ స్టేట్‌మెంట్, స్క్రీన్‌షాట్.

పెనుకొండ ప్రీమియం
11:00 గడువు పాయింట్ నేనే చెబుదామనుకున్నా. అది చాలు కేసు గెలవడానికి. మాట ఇచ్చి తప్పినారు.

ఆదోని పత్తి
చాలదు. ఆ మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో "మార్కెట్ పరిస్థితిని బట్టి గడువుకు ముందే మూయవచ్చు" అని ఉందో లేదో చూడమను ముందు.

హంద్రీ ఒడ్డు, కర్నూలు
ఉంది.

పెనుకొండ ప్రీమియం
ఉంటే ఏంది? అట్లా రాసుకుంటే గడువు ఇవ్వడం దేనికి?

ఏడురోడ్ల సెంటర్, కడప
మీ వాదన మీది గానీ, లెటర్ ఎవరికి పోతుందో ఎవరూ చెప్పలేదు. మా దగ్గర అందరూ చేసేది, ఏడురోడ్ల దగ్గర అథరైజ్డ్ పర్సన్ ఆఫీసులో ఇచ్చి వస్తారు. అక్కడి పిల్లోడు తీసుకుని డ్రాయర్‌లో పెడతాడు. ఫిర్యాదు బ్రోకరు ఇన్వెస్టర్ గ్రీవెన్స్ మెయిల్‌కు, కాపీ కంప్లయన్స్ ఆఫీసర్‌కు. రెండు అడ్రసులూ కాంట్రాక్ట్ నోట్ మీదనే, లేకుంటే వెబ్‌సైట్ అడుగున ఉంటాయి. టికెట్ నంబర్ రానిదే ఫిర్యాదు ఇచ్చినట్లు కాదు. జవాబు నచ్చకపోతే సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో వేయండి, అక్కడ బ్రోకరు 21 రోజుల్లో పలకాలి. ఆ జవాబూ నచ్చకపోతే 15 రోజుల్లో రివ్యూ అడగాలి, ఆ తేదీ దాటనీయొద్దు. ఇంకా తెగకపోతే ఆన్‌లైన్‌లో తగాదాలు తేల్చే స్మార్ట్ ఓడీఆర్ పోర్టల్. అక్కడ మొదటి మెట్టు రాజీ, ఆన్‌లైన్‌లోనే, మీ చేతి డబ్బు పడదు. ఆర్బిట్రేషన్‌కు పోతేనే ఫీజు.

ఆదోని పత్తి
సరే, ఒక మాట ఇంకా తేలలేదు. 6,690 అనేది సాయంత్రం కాల్ సున్నా అయింది కాబట్టి వచ్చిన లెక్క. నిఫ్టీ ఇంకో 150 పాయింట్లు ఎగిరి ఉంటే ఇదే హంద్రీ అన్న బ్రోకరుకు దండం పెట్టేవాడు. ఫలితం చూసుకుని అడిగే నష్టాన్ని ఆర్బిట్రేటర్ ఒప్పుకుంటాడా?

పాత బ్యాక్ ఆఫీసు, అనంతపురం
అందుకే 10:19 ఆర్డర్ అంత ముఖ్యం అంటున్నా. ఫలితం తెలియకముందే ఆయన మళ్లీ అమ్మడానికి వచ్చినాడు. అది ఏ రేటుకు పెట్టినాడో ఆ రేటే నష్టానికి కొలత అని వాదించొచ్చు.

ఆదోని పత్తి
ఏ రేటుకు పెట్టినావన్నా?

హంద్రీ ఒడ్డు, కర్నూలు
లిమిట్ 41.

ఆదోని పత్తి
అయితే 150 × 41, 6,150 అడగాలి గానీ 6,690 కాదు.

పాత బ్యాక్ ఆఫీసు, అనంతపురం
కాదు. 44.60కి కొని 41కి అమ్మితే ఆ 3.60 తేడా కూడా వాళ్లు చేయించిందే. రెండూ కలిపితే మళ్లీ 6,690కే వస్తుంది.

ఆదోని పత్తి
లిమిట్ ఆర్డర్ కదా, 41కి తగిలేదని రుజువేది?

ఏడురోడ్ల సెంటర్, కడప
ఆ రోజు 25,200 కాల్ నిమిషం చార్ట్ తీయండి. 10:19 తర్వాత 41 కానీ అంతకంటే పైన కానీ ట్రేడ్ అయ్యుంటే, అదే ప్రింట్ తీసి జతలో ఐదో కాగితంగా పెట్టండి.

ప్రొద్దుటూరు బంగారం
నా స్టాక్ పుట్ సంగతి ఎవరైనా చూస్తారా?