జీడిపిక్కల దిగుమతి పద్దులో ఎక్స్ఛేంజి లాభం: ఇది నిజమైన లాభమేనా?

బరంపురం_ఆర్టికల్
నమస్కారం. బరంపురంలో ఒక ఆడిట్ ఆఫీసులో ఆర్టికల్ చేస్తున్నాను. దగ్గరలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ 2023-24 లెక్కలు చూస్తున్నాను. టాంజానియా నుంచి విశాఖ రేవు మీదుగా 100 టన్నుల పిక్కలు తెప్పించారు. టన్ను 1,200 డాలర్ల చొప్పున మొత్తం 1,20,000 డాలర్లు. జనవరిలో 24,000 డాలర్లు అడ్వాన్సు పంపారు. సరుకు ఫిబ్రవరి 20న ఓడకెక్కింది, మార్చి మూడో వారంలో గోదాముకు చేరింది. మిగిలిన 96,000 డాలర్లు ఏప్రిల్‌లో కట్టాలి. మార్చి 31న అకౌంటెంటు రూ. 55,680 ఎక్స్ఛేంజి లాభం చూపించారు. ఫిబ్రవరి నుంచి మార్చి చివరికి డాలరు పెరిగింది కదా, డాలర్లు బాకీ ఉన్నవారికి లాభం ఎలా వచ్చింది?

గంజాం_పద్దులు
కొనుగోలు ఏ రేటుకు రాశారు? కస్టమ్స్ రేటు అయితే తప్పు పట్టడానికి లేదు. అది ప్రభుత్వం ప్రకటించే రేటు, బిల్ ఆఫ్ ఎంట్రీ మీద అచ్చయి వస్తుంది. ఇరవై ఏళ్లుగా మేము అదే వేస్తున్నాం, ఎవరూ అడగలేదు.

బరంపురం_ఆర్టికల్
అవునండీ, కస్టమ్స్ రేటే. మొత్తం 1,20,000 డాలర్లనూ 83.80తో గుణించి రూ. 1,00,56,000 రాశారు. అడ్వాన్సు మాత్రం బ్యాంకు తీసుకున్న 83.20 లెక్కన రూ. 19,96,800 ఉంది.

రాయగడ_ఆడిట్
తమ్ముడూ, నీ అనుమానం సరైనదే. ముందు ఒక చిన్న పని చెయ్యి. ఆ సరఫరాదారు ఖాతాలో మిగిలిన రూపాయలను మిగిలిన డాలర్లతో భాగించు. సర్దుబాటుకు ముందు రూ. 80,59,200 ఉండాలి. దాన్ని 96,000తో భాగిస్తే 83.95 వస్తుంది. ఆ మార్చి దాకా రోజూ ప్రకటించే డాలరు రిఫరెన్స్ రేటు అంత ఎత్తుకు ఎప్పుడూ వెళ్లలేదు. కస్టమ్స్ వారి 83.80 కంటే కూడా ఇది ఎక్కువ. ఏ రోజూ లేని రేటు ఖాతాలో కనిపించిందంటే, వేరే తేడా ఏదో అందులో వచ్చి చేరిందని అర్థం. విదేశీ పార్టీల ఖాతాలన్నిటికీ నేను మొదట చేసేది ఈ భాగహారమే. ఓచర్లు తిరగేయడం ఆ తర్వాత.

గంజాం గారూ, కస్టమ్స్ రేటు సుంకం, ఐజీఎస్టీ లెక్కకోసం పెట్టింది. దిగుమతికి ఒకటి, ఎగుమతికి ఒకటి ఉంటాయి. దిగుమతి రేటు సాధారణంగా బజారు కంటే కాస్త పైనే ఉంటుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో దాన్ని ఎవరూ మార్చలేరు, మార్చనవసరం లేదు. పద్దుల్లో మాత్రం అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 11 అడిగేది లావాదేవీ జరిగిన రోజు రేటు. రేటు పెద్దగా ఊగకపోతే వారం సగటో, నెల సగటో వాడుకోవచ్చు.

పిక్కల_వ్యాపారి
మాది పర్లాకిమిడి వైపు. నాదీ ఇలాంటిదే ఒక సంగతి ఉంది. బస్తా పిక్కలకు వచ్చే పప్పు లెక్క, అంటే ఔటర్న్, 48 అని ఒప్పుకొని పంపిన సరుకు 45కు పడింది. సరఫరాదారు 3,000 డాలర్లు వెనక్కి ఇస్తానన్నాడు, ఇంకా రాలేదు. ఆ సొమ్ము ఏ రేటుకు రాయాలి?

రాయగడ_ఆడిట్
అతను ఒప్పుకొన్న రోజు రేటుకు రాయండి, ఒప్పుకొన్న మెయిలు జాగ్రత్త చేయండి. రావలసింది డాలర్లే కాబట్టి ఏడాది చివర మళ్లీ మార్చాలి. తమ్ముడి అడ్వాన్సు మాత్రం ఇలాంటిది కాదు.

గంజాం_పద్దులు
అయితే అడ్వాన్సు కూడా డాలర్లే కదా? అదీ రేటు మారినప్పుడల్లా మార్చాలి.

రాయగడ_ఆడిట్
మార్చకూడదు. ఇచ్చింది డాలర్లే, కానీ తిరిగి వచ్చేది పిక్కలు. అందుకే పంపిన రోజు రేటు, అంటే 83.20, అలాగే ఉండిపోతుంది. సరుకు వచ్చినప్పుడు ఖరీదులో ఆ 24,000 డాలర్ల వంతు అదే రేటుకు కలుస్తుంది. ఒప్పందం రద్దయి డబ్బు వాపసు వస్తుందని తేలిన నాటి నుంచే అది మార్చవలసిన బాకీ అవుతుంది. పిక్కల వ్యాపారి గారి 3,000 డాలర్లు అలాంటివే.

తమ్ముడి లెక్క మళ్లీ వేద్దాం. సరుకు ఓడకెక్కిన రోజు రేటు 82.90 అనుకుందాం. నీ ఫైల్లో అసలు రేటు పెట్టుకో. 96,000 డాలర్లు ఆ రేటుకు రూ. 79,58,400. అడ్వాన్సు రూ. 19,96,800 కలిపితే కొనుగోలు రూ. 99,55,200. పద్దులో దీనికంటే రూ. 1,00,800 ఎక్కువ పడింది.

ఇక ఏడాది చివర. 2024 మార్చి 31 ఆదివారం, 29 గుడ్ ఫ్రైడే. కాబట్టి 28వ తేదీ రిఫరెన్స్ రేటు 83.37 తీసుకో. బాకీ రూ. 80,03,520 అవుతుంది. మొదట 79,58,400 ఉన్నది 80,03,520 అయింది కాబట్టి రూ. 45,120 నష్టం. అకౌంటెంటు 80,59,200 నుంచి కిందికి దించారు కాబట్టి 55,680 లాభం కనిపించింది. ఆ లాభం, ఈ నష్టం కలిపితే సరిగ్గా 1,00,800.

జయపురం_లెక్కలు
కొనుగోలు ఎక్కువ, లాభం కూడా ఎక్కువ. రెండూ చెల్లుకు చెల్లు కదండీ? చివరి లాభంలో తేడా ఉండదు.

రాయగడ_ఆడిట్
సరుకంతా మార్చి లోపే పప్పయి అమ్ముడుపోతే మీరన్నది నిజం. మిగిలితేనే ఇబ్బంది. తమ్ముడూ, మార్చి 31న ఆ పిక్కలు ఎక్కడ ఉన్నాయి?

బరంపురం_ఆర్టికల్
గోదాములోనే అండీ. స్టాకు లెక్కకు నేనే వెళ్లాను. బస్తాల మూతికుట్లు కూడా విప్పలేదు.

రాయగడ_ఆడిట్
అయితే ఎక్కువ రాసిన లక్షా ఎనిమిది వందలు నిల్వ విలువలో కూర్చుంది, ఖర్చులోకి రాలేదు. లాభం అంత మేరా ఎక్కువ చూపినట్టే. స్టాకు కాగితం, సరఫరాదారు ఖాతా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడకపోతే ఇది బయటపడదు. రెండూ వేరు వేరు మనుషులు చూస్తే ఇంకా కష్టం.

సిక్కోలు_అకౌంట్స్
పలాసలో పదేళ్లు ఇలాంటి పద్దులే రాశాను. రెండు సంగతులు చూడమ్మా. టాలీ వాడుతుంటే బ్యాలెన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` అని వరుస మిగిలిందేమో చూడు. జర్నల్ వేసి లాభనష్టాల్లోకి తీసుకెళ్లకపోతే అది అక్కడే ఉండిపోతుంది. రెండోది ఏప్రిల్ చెల్లింపు. బ్యాంకు ఖాతాలో తగ్గిన మొత్తాన్నంతా నేను మొదట్లో పార్టీకి రాసేదాన్ని. బ్యాంకు చార్జీలు, వాటి మీద జీఎస్టీ కూడా ఎక్స్ఛేంజి నష్టంగా తేలేవి. డెబిట్ అడ్వైజు అడిగి తీసుకో, డాలర్ల రేటు ఒక వరుసలో, చార్జీలు ఇంకో వరుసలో ఉంటాయి.

గంజాం_పద్దులు
అడ్వాన్సు మాట ఒప్పుకుంటున్నాను, మా పద్దుల్లో కూడా సరిచేయాలి. తేదీ దగ్గర మాత్రం నాకు సందేహమే. సరుకు విశాఖలో దిగి, తూకమై, మన చేతికి వస్తేనే కదా కొన్నట్టు? ఓడకెక్కిన రోజు ఎందుకు?

రాయగడ_ఆడిట్
ఒప్పందం సీఐఎఫ్ అయితే సరుకు ఓడకెక్కడంతోనే నష్టభయం కొనేవాడిది అవుతుంది, అందుకే సరుకు ఓడకెక్కినట్టు బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉన్న తేదీ అన్నాను. కానీ దిగిన తర్వాత నాణ్యత చూసి తిప్పి పంపే హక్కు ఒప్పందంలో ఉంటే మీ వాదనకు బలం ఉంది. నేను చూసిన ఆఫీసుల్లోనే రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. కాగితం చూడకుండా చెప్పలేను.

బరంపురం_ఆర్టికల్
ఒప్పందం కాపీ ఫైల్లో లేదు. ప్రొఫార్మా ఇన్వాయిస్ ఒక్కటే ఉంది, అందులో "సీఐఎఫ్ విశాఖపట్నం" అని ఉంది కానీ నాణ్యత షరతు లేదు. అసలు ఒప్పందం, జనవరి స్విఫ్ట్ కాపీ, ఏప్రిల్ డెబిట్ అడ్వైజు రేపు అడుగుతాను. అకౌంటెంటు గారికి పెద్ద వయసు, ఆయన నొచ్చుకోకుండా ముందు ఆ 83.95 భాగహారం ఆయన చేతనే చేయిస్తాను.